ఆ తెల్లవారుజాము ఏ ఊరిది? పల్లెల డ్రోన్ వీడియోలకు వివరణ రాయడంలో ఉన్న చిక్కులు

సంక్రాంతి దగ్గరపడే రోజుల్లో గోదావరి పాయ మీద మంచు పరుచుకుని ఉండగా, కొబ్బరి తోటల వెనుక నుంచి సూర్యుడు పైకి వచ్చే డ్రోన్ వీడియోలు విరివిగా కనిపిస్తాయి. వాటిలో ఒకే దృశ్యానికి ఒకరు ‘కోనసీమ ఉదయం’ అని, మరొకరు ‘కేరళ’ అని పేరు పెడతారు. ఇంకొకరు ‘పల్లె అందాలు’ అని రాసి ఊరుకుంటారు. చూసి ఆనందించి వదిలేసేవారికి ఈ తేడాతో పని లేదు. అయితే ఆ చోటికి వెళ్ళాలనుకునే యాత్రికుడికి అది ఏ ఊరో, ఏ నెలో తెలియాలి. గోదావరి డెల్టా మీద కార్యక్రమం చేస్తూ ఎనిమిది సెకన్ల దృశ్యం కోసం వెతుకుతున్న వీడియో ఎడిటర్‌కు ఆ చోటు నిజంగా గోదావరిదేనన్న నమ్మకం కావాలి, తన కార్యక్రమంలో అది సాంకేతికంగా ఇముడుతుందో లేదో కూడా తెలియాలి. చిత్రంలో కొబ్బరిచెట్టు కనిపిస్తుంది, నీరు కనిపిస్తుంది, సూర్యుడు కనిపిస్తాడు. ఊరి పేరు, నెల, ఉదయమా సాయంత్రమా అన్న సంగతి మాత్రం కనిపించవు. వాటిని మాటల్లో రాసిపెట్టడమే వివరణ. ఆ పని పైకి కనిపించినంత సులువు కాకపోవడానికి కారణాలేమిటో ఈ వ్యాసంలో ఒక్క ఉదాహరణను పట్టుకుని చూద్దాం.

## వివరణ మూడు చోట్ల ఉంటుంది

డ్రోన్ తీసిన వీడియోకు సంబంధించిన సమాచారం మూడు పొరలుగా ఉంటుంది. మొదటిది ఫైలు లోపలే దాగి ఉండేది: తీసిన తేదీ, సమయం, చిత్ర పరిమాణం, సెకనుకు ఎన్ని ఫ్రేములు వంటివి. దీన్నే మెటాడేటా అంటారు. రెండవది వీడియో పక్కన విడిగా ఉండే చిన్న ఫైలు. డీజేఐ కంపెనీ డ్రోన్లలో వీడియో క్యాప్షన్ల సెట్టింగు పెట్టుకుంటే, వీడియోతో పాటు `.SRT` అనే ఫైలు కూడా తయారవుతుంది. డ్రోన్ ఎక్కడ ఉంది, ఎంత ఎత్తులో ఉంది, కెమెరా ఏ స్థితిలో ఉంది అన్నది అందులో దాదాపు ప్రతి ఫ్రేముకూ నమోదవుతుంది. మూడవది మనిషి చేత్తో రాసేది: శీర్షిక, వర్ణన, వెతుకులాటకు ఉపయోగపడే కీలకపదాలు.

ఈ మూడింటిలో మొదటి రెండూ యంత్రం రాసినవి కనుక నమ్మదగినవని, మూడవదానితో అంత అవసరం లేదని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదటి రెండు పొరలూ త్వరగా చెరిగిపోతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియోను కోసి కొత్త ఫైలుగా బయటకు తీసినప్పుడు, తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలు సాధారణంగా కొత్త ఫైలులోకి రావు. తేదీ స్థానంలో ఎడిటింగ్ జరిగిన తేదీ వచ్చి కూర్చుంటుంది. పక్క ఫైలు డ్రోన్ మెమరీ కార్డులోనే ఉండిపోతుంది. ఫోన్‌లో సందేశంగా పంపితే మిగిలినది కూడా పోతుంది. చివరి వరకు వీడియోను అంటిపెట్టుకుని ఉండగలిగేది మనిషి రాసిన మాటే. అందుకే యంత్రం నమోదు చేసిన వివరాలను, అవి చెరిగిపోకముందే చదివి, మాటల్లోకి ఎక్కించాలి.

## కెమెరా ఉన్న చోటు వేరు, కనిపించే చోటు వేరు

ఇప్పుడు మన ఉదాహరణ. వశిష్ఠ గోదావరికి పడమటి గట్టున చించినాడ ఉంది. తూర్పు గట్టున దిండి ఉంది. రెంటినీ జాతీయ రహదారి వంతెన కలుపుతుంది. చించినాడ పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలంలోది. దిండి కోనసీమ జిల్లా మలికిపురం మండలంలోది. నది మీదుగా సూర్యోదయం తీయాలంటే కెమెరా తూర్పుకు చూడాలి కనుక, చిత్రీకరించేవారు పడమటి గట్టున నిలబడక తప్పదు. 2024 జనవరి 14న, భోగి నాటి ఉదయం 6.41 గంటలకు, చించినాడ గట్టు నుంచి డ్రోన్ లేచి, 60 మీటర్ల ఎత్తులో నది మీదుగా దిండి వైపు నెమ్మదిగా సాగుతూ 22 సెకన్ల దృశ్యం తీసిందని అనుకుందాం.

ఈ వీడియో ఏ జిల్లాది? ఫైలులోని అక్షాంశ రేఖాంశాలను అడిగితే పశ్చిమ గోదావరి అంటుంది. చిత్రంలో కనిపించే తోటలు, పడవలు, గట్టు మాత్రం కోనసీమవి. వార్తాసంస్థలు పాటించే ఐపీటీసీ ప్రమాణంలో దీనికి రెండు వేర్వేరు గడులు ఉన్నాయి. కెమెరా ఉన్న చోటును `Location Created` అనే గడిలో, చిత్రంలో కనిపించే చోటును `Location Shown` అనే గడిలో రాయాలి. చేతిలో పట్టుకుని తీసే కెమెరా విషయంలో ఈ రెండూ చాలాసార్లు ఒక్కటే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. డ్రోన్ విషయంలో మాత్రం ఇవి నదికి చెరొక వైపు, కొండకు చెరొక వైపు, ఒక్కోసారి రెండు రాష్ట్రాల్లో కూడా ఉండవచ్చు.

వీటిలో ఎవరికి ఏది కావాలన్నది కూడా వేరువేరుగా ఉంటుంది. ఎడిటర్ వెతికేది కనిపించే చోటును. ఆయన కార్యక్రమంలో ‘కోనసీమ’ అన్న మాట దగ్గర ఈ దృశ్యం రావాలి. యాత్రికుడికి నిలబడవలసిన చోటు కావాలి. ‘దిండి సూర్యోదయం’ అన్న శీర్షిక చూసి దిండిలో గది తీసుకుని, తెల్లవారుజామున నది ఒడ్డుకు వచ్చి నిలబడిన వ్యక్తికి ఎదురుగా పడమటి గట్టు కనిపిస్తుంది. సూర్యుడు వీపు వెనుక, తోటల చాటున ఉదయిస్తాడు. శీర్షికలో అబద్ధమేమీ లేదు, అయినా అతడు మోసపోయాడు. ‘చించినాడ గట్టు నుంచి దిండి వైపు, తూర్పు దిశగా’ అన్న కొద్ది మాటలు వర్ణనలో ఉంటే ఇది జరిగేది కాదు. 60 మీటర్ల ఎత్తు నుంచి కనిపించినది గట్టు మీద నిలబడినవారికి కనిపించదన్న సంగతి కూడా యాత్రికుడికి చెప్పవలసినదే. ఎగరేసిన ఎత్తును రాయడంలోని ప్రయోజనం అదే.

## ఇంగ్లిషు లిపిలో కలిసిపోయే ఊళ్ళు

వెతుకులాట ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల్లో జరుగుతుంది కనుక పేర్లను ఆ లిపిలోనే రాస్తే సరిపోతుందని ఒక వాదన ఉంది. మన ఉదాహరణనే తీసుకుంటే ఆ వాదన ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది. కోనసీమలోది దిండి. తెలంగాణలో, కృష్ణకు ఉపనది మీద జలాశయం ఉన్నది డిండి. తెలుగులో మొదటి అక్షరం చూడగానే తేడా తెలిసిపోతుంది. ఇంగ్లిషు అక్షరాల్లో రెండూ `Dindi` అవుతాయి. ఒకటి సముద్రానికి దగ్గరగా కొబ్బరి తోటల మధ్య ఉన్న ఊరు, మరొకటి మెట్ట ప్రాంతంలోని ప్రాజెక్టు. యలమంచిలి విషయంలో తెలుగు లిపి కూడా ఆదుకోదు. అనకాపల్లి జిల్లాలోనూ అదే పేరుతో పట్టణం ఉంది. కాబట్టి ఊరి పేరు ఒంటరిగా నిలబడలేదు. ఊరు, మండలం, నది, జిల్లా, రాష్ట్రం అన్నీ కలిపి రాసినప్పుడే అది ఒకే చోటును చూపుతుంది.

నది పేరును ఈ వరుసలో చేర్చడానికి ఇంకో కారణం ఉంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. ‘గోదావరి మీద సూర్యోదయం’ అన్నప్పుడు అది భద్రాచలం కావచ్చు, పాపికొండలు కావచ్చు, రాజమహేంద్రవరం కావచ్చు, అంతర్వేది కావచ్చు. ‘వశిష్ఠ గోదావరి’ అన్నప్పుడు వెతకవలసిన ప్రాంతం ఒక్క మాటతో ధవళేశ్వరానికీ సముద్రానికీ నడుమ ఒక పాయకు కుదించుకుపోతుంది.

జిల్లా పేరులో కాలం కూడా కలిసి ఉంటుంది. 2022 ఏప్రిల్ 4కు ముందు దిండి తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆనాడు కోనసీమ జిల్లా ఏర్పడింది, అదే ఏడాది దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు మారింది. 2019లో తీసిన వీడియోకు ఏ జిల్లా పేరు రాయాలి? తీసిననాటి పేరే రాయాలని దస్తావేజుల పద్ధతి తెలిసినవారు అంటారు, ఎందుకంటే ఆనాటి పత్రాలతో అది సరిపోలాలి. ఇప్పుడు వెతికేవారు ఇప్పటి పేరుతోనే వెతుకుతారని యాత్రా సమాచారం రాసేవారు అంటారు. రెండింటినీ రాయడంలో నష్టమేమీ లేదు: గడిలో ఇప్పటి పేరు, వర్ణనలో ‘తీసిననాటికి తూర్పు గోదావరి జిల్లా’ అన్న చిన్న మాట. ఊరి పేర్లు మారిన చోట కూడా ఇదే పనిచేస్తుంది.

## పచ్చటి పొలం ఏ నెలది?

‘శీతాకాలపు ఉదయం’ అని రాస్తే ఋతువు చెప్పినట్టేనా? తెలుగువారికి ఆ మాటతో మంచు, ముగ్గులు, ధనుర్మాసం గుర్తుకు వస్తాయి. చల్లని దేశాల్లో ఉన్న ఎడిటర్‌కు శీతాకాలమంటే ఆకులు రాలిన చెట్లు, మంచు కప్పిన నేల. ఆయన వెతుకులాటలో కోనసీమ కొబ్బరి తోట వస్తే అది పొరపాటున వచ్చిందనుకుంటాడు. ఋతువు పేరు ఒక్కో దేశంలో ఒక్కో బొమ్మ కడుతుంది. నెల పేరు మాత్రం అందరికీ ఒక్కటే.

నెలతో పాటు పొలం స్థితిని కూడా రాయడం డెల్టాలో మరీ అవసరం. ఇక్కడ ఏటా రెండు వరిపంటలు పండుతాయి. సార్వాకు జూన్‌లో కాలువలకు నీళ్ళు వస్తాయి, జూలై, ఆగస్టుల్లో ఊడ్పులు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు. దాళ్వాకు డిసెంబరు చివర, జనవరిలో ఊడ్పులు, ఏప్రిల్ ప్రాంతంలో కోతలు. ఆ తరువాత కాలువలు కట్టేస్తారు. అంటే లేత పచ్చటి చేను ఆగస్టుదీ కావచ్చు, ఫిబ్రవరిదీ కావచ్చు. పండిన బంగారు రంగు నవంబరుదీ కావచ్చు, ఏప్రిల్‌దీ కావచ్చు. ‘కోతల కాలం’ అని మాత్రమే రాసిన వీడియోను చూసి ఏప్రిల్‌లో వచ్చిన యాత్రికుడికి బంగారు చేలు దొరకవచ్చు గానీ, వీడియోలో చూసిన మంచు దొరకదు. మన ఉదాహరణలో జనవరి రెండో వారం కాబట్టి, సార్వా కోసేశారు, దాళ్వాకు దమ్ము చేసి నీళ్ళు పెట్టారు. ఊడ్పులు కొన్ని అయ్యాయి, కొన్ని కాలేదు. నీటి మీద ఆకాశం అద్దంలో లాగా కనిపించేది ఆ కొన్ని వారాలే.

ఆ అద్దం దగ్గరే ఇంకో పొరపాటు పొంచి ఉంది. వశిష్ఠకు రెండు వైపులా చేపల, రొయ్యల చెరువులు విస్తారంగా ఉన్నాయి. పై నుంచి చూస్తే నీళ్ళు పెట్టిన వరిచేను, రొయ్యల చెరువు రెండూ వెలుగుతున్న నలుచదరాలే. తెలియనివారు రెండింటికీ `rice paddy` అనే కీలకపదం పెట్టేస్తారు. వ్యవసాయం మీద కార్యక్రమంలో అది వరిచేనుగా ప్రసారమైతే, చూసిన రైతు ఒక్క క్షణంలో పట్టుకుంటాడు. చెరువు గట్లు బండి వెళ్ళేంత వెడల్పుగా, తిన్నగా ఉంటాయి; నీటిలో ఏరియేటర్ల చక్రాలు, వాటి చుట్టూ తెల్లటి నురగ కనిపిస్తాయి. వరిచేను గట్లు మనిషి నడిచేంత సన్నగా, నేల వాలును బట్టి వంకరలు తిరిగి ఉంటాయి, మూలన నారుమడి పచ్చగా ఉంటుంది.

మంచుకూ ఇదే పరీక్ష పెట్టాలి, ముఖ్యంగా ఈ తేదీకి. భోగి నాడు తెల్లవారకముందే ఊరూరా మంటలు వేస్తారు. చల్లగాలి నేలను అంటి ఉన్న ఉదయాల్లో పొగ కొంత ఎత్తుకు లేచి, అక్కడ ఆగి, పలుచటి పొరగా పక్కలకు పరుచుకుంటుంది. వీడియోలో చూస్తే అది మంచులాగే ఉంటుంది. నదిని, తడి పొలాన్ని అంటిపెట్టుకుని, ఇళ్ళ కప్పుల కంటే కింద తేలేది మంచు. ఊళ్ళ దగ్గర స్తంభాలుగా లేచి, చెట్ల పైన చదునుగా ఆగినది పొగ. ఆ రోజు వీడియోలో రెండూ ఉండే అవకాశం ఎక్కువ. ఉన్నప్పుడు ‘నది మీద మంచు, దూరంగా భోగి మంటల పొగ’ అని రాస్తే, పండుగ దృశ్యం వెతికేవారికి కూడా అది చేరుతుంది.

## సూర్యోదయమేనని ఎలా తెలుస్తుంది?

సూర్యుడు అంచు మీద ఉన్న ఒక్క చిత్రాన్ని చూసి అది ఉదయమో సాయంత్రమో చెప్పడం కష్టం. సాయంత్రపు దృశ్యాలు ‘సూర్యోదయం’ పేరుతో చెలామణీ కావడానికి కారణం అదే. దీన్ని తేల్చేందుకు రెండు ఆధారాలు ఉన్నాయి: సమయం, దిక్కు.

సమయం విషయంలో ఒక తిరకాసు ఉంది. వీడియో ఫైలు ప్రమాణం ప్రకారం తీసిన సమయాన్ని అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో నమోదు చేయాలి. అది మన గడియారం కంటే ఐదున్నర గంటలు వెనుక ఉంటుంది. మన 6.41 ఆ లెక్కన 1.11 అవుతుంది. ఫైలును నేరుగా చదివినవారు ‘అర్ధరాత్రి దాటాక తీసిన సూర్యోదయమా?’ అని సందేహపడతారు. మరికొన్ని కెమెరాలు ప్రమాణాన్ని పాటించకుండా స్థానిక సమయాన్నే అక్కడ రాసేస్తాయి. అప్పుడు చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని అంతర్జాతీయ కాలంగా భావించి, ఐదున్నర గంటలు కలిపి మధ్యాహ్నం 12.11 అని చూపిస్తుంది. అంటే ఒకే వీడియోకు 1.11, 6.41, 12.11 అని మూడు సమయాలు రావచ్చు. జూన్‌లో అయితే తేదీ కూడా మారిపోతుంది: ఉదయం 5.20కి తీసినది అంతర్జాతీయ కాలంలో ముందురోజు రాత్రి 11.50. అందువల్ల వర్ణనలో ‘భారత కాలమానం ప్రకారం ఉదయం 6.41’ అని పూర్తిగా రాయాలి.

ఆ సమయం సరైనదో కాదో సూర్యోదయ వేళతో పోల్చి చూడవచ్చు. జనవరి నడిమధ్యలో దిండి దగ్గర సూర్యోదయం సుమారు 6.35కి. 6.41కి సూర్యబింబం అంచు నుంచి ఒకటిన్నర డిగ్రీలోపు ఎత్తులో, అంటే తోటల తలల దగ్గర ఉండాలి. బింబం ఇంకా పైన కనిపిస్తే కెమెరా గడియారం తప్పు. ఇక్కడ ఒక చిన్న విశేషం చెప్పాలి. ఎత్తుకు వెళ్ళే కొద్దీ దిగంతం కిందికి జారుతుంది కనుక, 60 మీటర్ల పైనున్న డ్రోన్‌కు నేల మీదున్నవారి కంటే సుమారు ఒక నిమిషం ముందే సూర్యుడు కనిపిస్తాడు. పంచాంగంలోని వేళకంటే నిమిషం ముందు వీడియోలో సూర్యుడు వచ్చాడంటే అది తప్పు కానక్కరలేదు.

దిక్కు ఇంకా గట్టి సాక్ష్యం. ఉత్తరం నుంచి కుడికి లెక్కిస్తే తూర్పు 90 డిగ్రీలు. జనవరి నడుమ ఇక్కడ సూర్యుడు సుమారు 112 డిగ్రీల దగ్గర, అంటే తూర్పుకు కాస్త ఆగ్నేయంగా ఉదయిస్తాడు. జూన్ చివర 66 డిగ్రీల దగ్గర, ఈశాన్యం వైపు జరిగి వస్తాడు. వీడియోలో వంతెన కనిపిస్తే, దానికి సూర్యుడు ఏ పక్కన ఉన్నాడో పటం మీద పెట్టి చూడవచ్చు. నదికి అవతల సూర్యుడు, ఆ అవతలి గట్టు దిండి అయితే, అది తూర్పు, కనుక ఉదయమే. సూర్యుడున్న వైపు చించినాడ కనిపిస్తే అది సాయంత్రం, శీర్షికలో ఏమి రాసినా సరే. సాక్ష్యాలు చూసి దృశ్యాలను నిర్ధారించే వార్తా ఎడిటర్లు చేసేది ఈ పనే. ‘తూర్పు ఆగ్నేయంగా’ అన్న మాట వర్ణనలో ఉంటే వారి పని సగం తీరుతుంది.

## కెమెరా వివరాల్లో ఏవి పనికి వస్తాయి?

పక్క ఫైలును తెరిస్తే ఇలాంటి వరుసలు కనిపిస్తాయి:

```
FrameCnt: 1, DiffTime: 40ms
2024-01-14 06:41:08.120
[iso: 100] [shutter: 1/50.0] [fnum: 2.8] [ct: 5600]
[rel_alt: 60.200 abs_alt: -9.400]
```

దీన్ని యథాతథంగా వర్ణనలో అతికించేవారు ఉన్నారు. అందులో ఎడిటర్‌కు అక్కరకు వచ్చేది కొంతే. ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు అంటే సెకనుకు 25 ఫ్రేములు. ఇది మొదట రాయవలసిన వివరం. భారతదేశపు టెలివిజన్ పద్ధతి 25, అమెరికాలోది 29.97. ఒకదాన్ని మరొకదానిలో కలిపితే, నెమ్మదిగా సాగే డ్రోన్ కదలికలో సన్నని తడబాటు కనిపిస్తుంది. షట్టర్ 1/50 అంటే ఫ్రేముల వేగానికి రెట్టింపు, కనుక కదలిక సహజంగా ఉంటుంది. సూర్యుడికి ఎదురుగా అంత నెమ్మదైన షట్టర్ పెట్టారంటే లెన్సు ముందు కాంతిని తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు ఉండి ఉండాలి. అది ఫైలులో నమోదు కాదు కనుక చేత్తో రాయాలి.

తెల్లదనపు కొలత, అంటే వైట్ బ్యాలెన్స్, 5600 దగ్గర స్థిరంగా ఉందా, లేక కెమెరా తనంతట తానే మార్చుకుంటూ పోయిందా అన్నది సూర్యోదయాలకు ప్రత్యేకమైన ప్రశ్న. కాంతి రంగు నిమిషనిమిషానికి మారే వేళ కెమెరాకు స్వేచ్ఛ ఇస్తే, 22 సెకన్లలోనే నారింజ రంగు నీలానికి జారుతుంది. ఆ జారుడును తరువాత సరిచేయడం చాలా శ్రమ. పక్క ఫైలులో `ct` అంకె మొదటి నుంచి చివరి వరకు ఒక్కటే ఉంటే నిశ్చింత. అలాగే రంగులు సహజంగా ఉన్నవా, తరువాత సరిదిద్దుకోవడానికి వీలుగా వెలిసినట్టు ఉండే లాగ్ పద్ధతిలో తీసినవా, ఇప్పటికే రంగులు దిద్దినవా అన్నది తప్పక చెప్పాలి. యాత్రికుడికి కూడా ఇది అవసరమే: దిద్దిన వీడియోలోని కాషాయపు ఆకాశాన్ని అతడు ఆ రోజు అక్కడ చూడలేడు.

ఎత్తుల విషయంలో జాగ్రత్త అవసరం. `rel_alt` అనేది డ్రోన్ లేచిన చోటు నుంచి ఎత్తు. అది సరిగానే ఉంటుంది. `abs_alt` సముద్రమట్టం నుంచి ఎత్తు చెబుతున్నట్టు కనిపించినా, కోనసీమలాంటి చోట అది సున్నా కంటే తక్కువగా రావచ్చు. ఉపగ్రహాల సాయంతో కొలిచే ఎత్తుకు ఆధారం ఒక ఊహా గోళం. దక్షిణ భారతంలో నిజమైన సముద్రమట్టం ఆ గోళానికి పదుల మీటర్ల కింద ఉంటుంది. ఆ తేడాను సవరించని పరికరం, గాలిలో ఉన్న డ్రోన్ సముద్రం కింద ఉన్నదని రాస్తుంది. రాయవలసినది మొదటి అంకెనే.

## ‘కేరళ’ అనే కీలకపదం

కోనసీమను ఆంధ్ర కేరళ అని పిలవడం వాడుకలో ఉంది. దీన్నిబట్టి కీలకపదాల్లో `Kerala` చేర్చవచ్చా అన్నది నిజంగానే అభిప్రాయభేదం ఉన్న ప్రశ్న. చేర్చవచ్చనేవారి మాటలో న్యాయం లేకపోలేదు. విదేశీ ఎడిటర్‌కు కోనసీమ అనే పేరే తెలియదు, కొబ్బరి తోటలూ కాలువలూ కావాలంటే కేరళ అనే వెతుకుతాడు, ఆ దారిన వస్తేనే కోనసీమ కంటపడుతుంది. చిత్రాలు అమ్మే పెద్ద సంస్థలు ఒక్కో వీడియోకు యాభై దాకా కీలకపదాలు రాయనిస్తాయి కనుక, ఒకటి అదనంగా చేరితే నష్టమేమిటని వారు అడుగుతారు.

నష్టం వ్యాకరణంలో ఉంది. వర్ణనలో ‘కేరళను తలపించే’ అని రాస్తే అది పోలిక, చదివినవారికి అర్థమవుతుంది. కీలకపదాల గడిలో పోలికకు చోటు లేదు. అక్కడ `Kerala` అంటే ‘ఇది కేరళ’ అనే అర్థం. ఆ గడిని నమ్మి ఎడిటర్ దృశ్యాన్ని కేరళ వరదల కథనంలో పెడితే తప్పు ఎవరిది? ఈ విషయంలో నా మొగ్గు స్పష్టంగా పోలికను వర్ణనకు పరిమితం చేయడం వైపే ఉంది. వెతికేవాడికి దారి చూపేందుకు `coconut grove`, `river delta`, `backwater` వంటి నిజమైన సాధారణ పదాలు ఉన్నాయి. ఇంకో సంగతి: ఆ యాభై గడులూ నింపాలన్న తొందరలో చిత్రంలో లేని పక్షులు, లేని ఎడ్లబండి, లేని ముగ్గులు వచ్చి చేరతాయి. మొదటి కొద్ది పదాలకు ఎక్కువ విలువ ఇచ్చే సంస్థలూ ఉన్నాయి కనుక, చోటు, విషయం, వేళ, దృశ్యకోణం ముందు రాసి, కనిపించనిది వదిలేయడం మేలు.

## కచ్చితమైన చోటు చెప్పాలా?

ఇది ఇంతవరకు చెప్పినవాటికంటే బరువైన ప్రశ్న. అక్షాంశ రేఖాంశాలు పూర్తిగా ఇస్తే యాత్రికుడు నేరుగా ఆ గట్టుకే వెళ్ళగలడు; నిర్ధారించే ఎడిటర్‌కు అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. కానీ ఆ గట్టు ఒకరి చెరువు గట్టు కావచ్చు, ఆ దారి ఒకరి తోటలో నుంచి కావచ్చు. వీడియో బాగా వ్యాపిస్తే తెల్లవారుజామున కార్లు వచ్చి ఆగేది వారి వాకిట్లోనే. అలాగని చోటు పూర్తిగా దాచితే, పర్యాటకుల మీద ఆధారపడి బతికే పడవవారికి, టిఫిన్ కొట్టువారికి వచ్చే ఆదాయం పోతుందని కూడా అంటారు, అదీ నిజమే.

రెండు అవసరాలకూ నడుమ ఒక కొలత ఉంది. అక్షాంశంలో దశాంశ బిందువు తరువాత ఐదు అంకెలు రాస్తే సుమారు ఒక మీటరు వరకు, మూడు రాస్తే సుమారు 110 మీటర్ల వరకు, రెండు రాస్తే సుమారు ఒక కిలోమీటరు వరకు చోటు తెలుస్తుంది. బహిరంగ వర్ణనలో రెండు అంకెలు, పక్కనే అందరూ వెళ్ళగలిగిన చోటు పేరు, అంటే ఇక్కడ వంతెన, రాస్తే యాత్రికుడికి దారి దొరుకుతుంది. పూర్తి అంకెలను అసలు ఫైలులో ఉంచుకుని, అడిగిన ఎడిటర్‌కు విడిగా ఇవ్వవచ్చు.

ఎడిటర్లు అడిగే ఇంకో మాట అనుమతి గురించి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం, డ్రోన్లకు ఆంక్షలు లేని ప్రాంతంగా గుర్తించిన గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కరలేదు. మన 60 మీటర్లు సుమారు 200 అడుగులే. 250 గ్రాములకు మించని నానో డ్రోన్‌కు పైలట్ ధ్రువపత్రం అవసరం లేదు. అంతకు మించి 2 కిలోల వరకు ఉన్న మైక్రో డ్రోన్‌కు వాణిజ్యేతర పనికి మాత్రమే ఆ మినహాయింపు ఉంది, కనుక సరదాగా తీసిన వీడియోను తరువాత అమ్మకానికి పెట్టినప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఏ జోన్‌లో, ఏ తరగతి డ్రోన్‌తో తీశారో ఒక వాక్యం రాస్తే చాలు.

## ఉదాహరణకు పూర్తి వివరణ

ఇప్పటివరకు చూసినవన్నీ కలిపితే ఫైలు పేరు `dindi-konaseema-vasishta-godavari-sunrise-2024-01-14-4k-25p.mp4` అవుతుంది. శీర్షికగా ‘వశిష్ఠ గోదావరి మీద మంచులో సూర్యోదయం, దిండి, కోనసీమ, జనవరి’ అన్నది సరిపోతుంది. వెతుకులాట ఫలితాల్లో మొదటి కొన్ని పదాలే కనిపిస్తాయి కనుక నది, వేళ, ఊరు ముందుకు వచ్చాయి. వర్ణన ఇలా ఉంటుంది:

‘ఆంధ్రప్రదేశ్, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా, మలికిపురం మండలం దిండి దగ్గర వశిష్ఠ గోదావరి. 2024 జనవరి 14, భోగి, భారత కాలమానం ప్రకారం ఉదయం 6.41. పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలం చించినాడ గట్టు నుంచి తూర్పు ఆగ్నేయంగా, లేచిన చోటి నుంచి 60 మీటర్ల ఎత్తులో నది మీదుగా ముందుకు సాగిన దృశ్యం. నీటి మీద మంచు, తూర్పు గట్టున కొబ్బరి తోటలు, వాటి వెనుక దాళ్వాకు నీళ్ళు పెట్టిన వరిచేలు, దూరంగా భోగి మంటల పొగ. ఎడమ చివర కనిపించేవి రొయ్యల చెరువులు. గట్టు మీద నుంచి చూస్తే నది, తోటలు మాత్రమే కనిపిస్తాయి, చేలు కనిపించవు. 22 సెకన్లు, 3840×2160, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50, ఎన్‌డీ ఫిల్టరుతో, తెల్లదనం 5600 దగ్గర స్థిరం, లాగ్ పద్ధతి, రంగులు దిద్దలేదు, శబ్దం లేదు. గ్రీన్ జోన్‌లో, నానో డ్రోన్‌తో తీసినది.’

ఇంగ్లిషులో వెతికేవారి కోసం ఇదే వరుసలో ఇంగ్లిషు వర్ణన కూడా ఉండాలి, తెలుగును తొలగించకుండా. దిండిని డిండి నుంచి వేరుచేసేది ఆ తెలుగు అక్షరమే. యూట్యూబ్‌లో శీర్షికను, వర్ణనను వేర్వేరు భాషల్లో విడివిడిగా చేర్చే వీలుంది కనుక రెండింటినీ ఒకే పేరాలో కుక్కవలసిన పని లేదు. వర్ణనలో మొదటి రెండు వాక్యాల్లో చోటు, తేదీ ఉన్నాయి. యాత్రికుడు అక్కడే ఆగి తన ప్రయాణపు నెల నిర్ణయించుకోవచ్చు. ఎడిటర్ చివరి రెండు వాక్యాలకు నేరుగా దిగిపోయి, తన కార్యక్రమంలో ఈ 22 సెకన్లు ఇముడుతాయో లేదో చూసుకుంటాడు.